అటకమీది హార్మోనియం: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. అటకమీద గోనెసంచుల వెనుక పాపకు హార్మోనియం దొరకడం, అది పద్యనాటకాలకు వాయించిన తాతగారిదని తెలియడం చక్కగా కుదిరాయి. అయితే దాన్ని కిందికి దించిన వెంటనే పాప కీర్తన వాయించేసింది. అక్కడ నాకు నమ్మకం కుదరలేదు.

ఏళ్ల తరబడి మూలపడిన పెట్టె అంత తేలికగా పలకదు. ముందువైపు పిడులు లాగకపోతే రీడ్లకు గాలి అందదన్న సంగతి పాపకు తెలియదు కాబట్టి, మొదట ఎన్ని మెట్లు నొక్కినా చప్పుడు రాకపోవచ్చు. తర్వాత తిత్తి సంగతి ఉంది. మెట్లేవీ నొక్కకుండా తిత్తి కొడితే, బాగున్న పెట్టెలో గాలి నిండి చేతికి బిగువు తగులుతుంది. అతుకుల దగ్గర తోలు ఎండి పగిలి ఉంటే బుస్సుమని గాలి పోతుంది, ఏ స్వరమూ ఎక్కువసేపు నిలవదు. అప్పుడు పాప ఎడమచేయి తెరిపి లేకుండా ఆడుతూనే ఉండాలి. నీ కథలో ఎడమచేతి ఊసే లేదు.

రేడియోలో నిషేధం వచ్చిందని తాతగారు దాన్ని అటకెక్కించినట్టు రాశావు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి, 1971లో గాని సడలించలేదన్నది నిజమే. కానీ ఆ కాలమంతా మన నాటకాలవాళ్లు దాన్ని వదలలేదు. నాటక సమాజం చెదిరిపోయిందని రాస్తే సరిపోతుంది.

ఇక మొదటి బాణీ. గురువు లేని పాప నల్లమెట్లతో మొదలుపెట్టాలని నా సలహా. అవి మూడు ఒక గుంపుగా, రెండు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిదాన్ని షడ్జంగా పట్టుకుని వరుసగా నల్లమెట్లే నొక్కితే స రి గ ప ద వస్తాయి. అది మోహన రాగం. పద్యనాటకాల్లో విరివిగా వినిపించిన రాగమే కనుక, నాయనమ్మ కూనిరాగం తీసే పద్యం వరస పాప చేతికి సహజంగా దొరుకుతుంది. రెండింటి గుంపులో మొదటిదాన్ని షడ్జం చేసుకుంటే అవే మెట్లు శుద్ధ సావేరి అవుతాయి. ముందు పాపను అక్కడే తప్పటడుగు వేయనివ్వు. ఇది ఆ పద్యం కాదని నాయనమ్మ తల అడ్డంగా ఊపుతుంది.

సరైన చోట మొదలుపెట్టాక గాంధారం పలకకూడదు. మెట్టు దిగుతుంది, గాలి మాత్రమే వస్తుంది, ఎందుకంటే సన్నని ఇత్తడి నాలుక కింద దుమ్ము పట్టింది. స, రి తర్వాత ఒక్కసారిగా ప వచ్చేసరికి, ఆ ఖాళీని పాప తన గొంతుతో పూరిస్తుంది. వరస ఆమెకు వచ్చేసిందని పాఠకుడికి తెలిసేది అక్కడే. ఆ ఘట్టానికి ఒక పేజీ అయినా కేటాయించు. మరమ్మతుకు నాలుగు వాక్యాలు చాలు: తెలిసినవారెవరైనా పెట్టె విప్పి, పలచని కాగితం నాలుక కింద జరిపి దుమ్ము తీస్తారు. నాలుకను గీకినా వంచినా శ్రుతి మారిపోతుంది కాబట్టి, ఆ పని పాప చేత చేయించకు.

ఈ భాగం తిరగరాసి పంపు.