డైరెక్టర్లకు అంతరాయ కారణం వివరించే స్క్రిప్టు

"మా చెల్లింపుల సేవ గంటకు పైగా ఆగిపోయింది. రేపు డైరెక్టర్లకు ఐదు నిమిషాల్లో వివరించాలి. ఎవరినీ తప్పుపట్టకుండా కారణం, పరిష్కారం ఎలా చెప్పాలి?"

కారణం చెప్పే వాక్యంలో మనిషిని కాక పని జరిగే విధానాన్ని కర్తగా నిలపండి. మిగిలిన స్క్రిప్టు దాని వెంటే కుదురుతుందని నా దృఢమైన అభిప్రాయం.

నేను లోగడ పనిచేసిన సంస్థలో ఒక ఆదివారం ఉదయం, సైటు అసలైనదేనని ఫోన్లకు నిరూపించే సర్టిఫికెట్ గడువు ముగిసి, వినియోగదారుల ఫోన్లు కనెక్షన్‌ను తిరస్కరించాయి. నిజానికి కొత్త సర్టిఫికెట్ నెల ముందే సర్వరు డిస్కులోకి వచ్చి ఉంది, ఎందుకంటే 90 రోజుల సర్టిఫికెట్లను సర్ట్‌బాట్ ప్రోగ్రాం 30 రోజులు మిగిలి ఉండగానే పునరుద్ధరిస్తుంది. అయితే ఎన్‌జిన్‌ఎక్స్ సర్వరు తాను మొదట చదివిన పాతదాన్నే మెమరీలో ఉంచుకొని, రీలోడ్ చేసినప్పుడు మాత్రమే కొత్తది చదువుతుంది. ఆ రీలోడ్ మా వద్ద చేతితో చేయవలసిన పనిగా ఉండేది. హెచ్చరిక వ్యవస్థ డిస్కులోని ఫైలు తేదీనే చూస్తూ, అంతా సవ్యంగా ఉందని చివరిదాకా చూపింది.

మేనేజరు గారి తొలి ప్రతిలో "ఇంజనీరు రీలోడ్ చేయడం మరిచిపోయారు" అని ఉంది. అది అబద్ధం కాదు గాని, వినగానే వచ్చే ప్రశ్న "ఎవరాయన?" అన్నదే. చివరకు చదివినది ఇది:

"ఆదివారం 5:30 నుంచి 7:10 వరకు వినియోగదారులు చెల్లింపులు చేయలేకపోయారు, ఖాతాల్లోని డబ్బుకు నష్టం కలగలేదు. సైటు సర్టిఫికెట్ దానంతటదే కొత్తదైనా, దాన్ని అమల్లోకి తెచ్చే చివరి మెట్టు మనిషి జ్ఞాపకంపై ఆధారపడింది. ఆ మెట్టు తప్పితే పట్టుకోవలసిన హెచ్చరిక వేరే చోట చూసింది. ఆ మెట్టును అదే రోజు ఆటోమేటిక్ చేశాం. బయటినుంచి కనెక్టయి, సైటు నిజంగా చూపుతున్న గడువును చదివే తనిఖీ శుక్రవారానికి సిద్ధమవుతుంది. భాగస్వామి బ్యాంకుల సర్టిఫికెట్లకు ఈ రక్షణ వర్తించదు."

అప్పుడు ఒక డైరెక్టరు గారు, "జ్ఞాపకంపై నడిచే మెట్లు ఇంకెన్ని ఉన్నాయి?" అని అడిగారు. మనకు కావలసిన ప్రశ్న అదే. చేసిన మార్పు ఇంతే; దీన్ని స్క్రిప్టులో పెట్టకుండా, అడిగితే చూపడానికి దగ్గర ఉంచుకోవాలి:

```
certbot renew --deploy-hook "systemctl reload nginx"
```

"మానవ తప్పిదం" అని రాసి ముగించే నివేదికలు నాకు చాలా బాధ కలిగిస్తాయి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ డేటా నిల్వ సేవ ఎస్3 ఆగినప్పుడు, ఒక కమాండులో ఒక విలువ తప్పుగా పడి, అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు తొలగిపోయాయి. ఆ సంస్థ ప్రకటన పేరేదీ చెప్పకుండా, సర్వర్లను నెమ్మదిగా మాత్రమే తొలగించేలా, కనీస సామర్థ్యం కంటే కిందికి పోనివ్వకుండా ఆ సాధనాన్ని మార్చామని వివరించింది. అయితే పేరు వదిలేయడమంటే "సాంకేతిక కారణాలు" అని దాటవేయడం కాదు. ఏ మెట్టు, ఏ తనిఖీ విఫలమయ్యాయో స్పష్టంగా చెప్పాలి.

"మళ్ళీ జరగదని హామీ ఇస్తారా?" అని తప్పక అడుగుతారు. ఇవ్వకండి. "పునరుద్ధరణ విఫలమైతే, గడువుకు 20 రోజుల ముందే ఇద్దరికి హెచ్చరిక వెళ్తుంది" అని, మీరు నిజంగా ఏర్పాటు చేసినదాన్నే చెప్పండి.