ఫీజు బాకీ వేరు, పాపను చూపించడం వేరు

ప్రశ్న: మేం 2023లో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నాం. నాలుగో తరగతి చదివే పాప నా దగ్గరే ఉంటోంది. రెండో, నాలుగో శని, ఆదివారాల్లో వాళ్ల నాన్న తీసుకెళ్లాలని, స్కూలు ఫీజు చెరిసగం భరించాలని డిక్రీలో ఉంది. ఆయన ట్యూషన్ ఫీజులో సగం ఇచ్చి, వ్యాను, పుస్తకాలతో తనకు సంబంధం లేదంటున్నారు. చెప్పిన వేళకు రారు, అడిగితే గొడవ. విసిగిపోయి పోయిన రెండుసార్లు పాపను పంపలేదు. కోర్టుకు వెళ్తానంటున్నారు. నేనేం చేయాలి? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందుగా, వచ్చే వంతుకు పాపను పంపించండి. ఆయన ఇవ్వవలసిన డబ్బు ఇవ్వలేదన్న కారణంతో పాపను చూపించకుండా ఉండే హక్కు మీకు లేదు. అలాగే పాపను పంపలేదన్న కారణంతో ఫీజు ఆపే హక్కు ఆయనకూ లేదు. డిక్రీలో ఇవి రెండు వేర్వేరు బాధ్యతలు. డబ్బు రాకపోతే అదే ఫ్యామిలీ కోర్టులో ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే వాడుకలో ఈపీ, వేసి రాబట్టుకోవచ్చు. కానీ మీరు పంపని ఆ రెండు వారాంతాలు ఇప్పుడు ఆయన చేతిలో మీ మీద ఆధారాలయ్యాయి. ఆయన పిటిషన్ వేస్తే న్యాయమూర్తి మొదట అడిగేది వ్యాను ఖర్చు గురించి కాదు, పాపను ఎందుకు పంపలేదని. కాబట్టి పోయిన రెండు వంతులకు బదులుగా ఏ తేదీల్లో పంపగలరో మీరే ముందుగా రాసి తెలియజేయండి. ఆయన తాగి వచ్చారనో, పాప మీద చేయిచేసుకున్నారనో అయితే సంగతి వేరు. అప్పుడైనా ఊరికే ఆపేయకూడదు, ఆలస్యం చేయకుండా కోర్టులో దరఖాస్తు వేసి ఆ ఏర్పాటును నిలిపివేయమని కోరాలి.

ఇక డబ్బు సంగతి. మీ తగాదాకు మూలం ఆయన స్వభావం కంటే డిక్రీలోని ‘స్కూలు ఫీజు’ అన్న ఆ ఒక్క మాటేనని నా అభిప్రాయం. ఉదాహరణకు ట్యూషన్ ఫీజు మూడు టర్ములకు కలిపి 66,000, వ్యానుకు నెలకు 1,500 చొప్పున పది నెలలకు 15,000, పుస్తకాలు, యూనిఫాం 9,000 అనుకుందాం. మొత్తం 90,000. మీ లెక్కన ఆయన వాటా 45,000, ఆయన లెక్కన 33,000. తేడా 12,000, అంటే నెలకు వెయ్యి రూపాయలు. పరస్పర అంగీకారపు విడాకుల్లో అందరూ త్వరగా సంతకాలు ముగించాలని చూస్తారు కాబట్టి, వ్యాను ఎవరిది, జ్వరం వస్తే ఆసుపత్రి ఖర్చు ఎవరిది అన్నవి రాసుకోకుండానే బయటికి వస్తారు. ఆ తొందరలో మా న్యాయవాదుల తప్పూ ఉంటుంది. డిక్రీలో ఆ మాట ఇంత అస్పష్టంగా ఉండగా వ్యాను ఖర్చు కోసం ఈపీ వేస్తే, ఎగ్జిక్యూషన్‌లో కోర్టు డిక్రీలో ఉన్నదాన్ని అమలు చేయిస్తుందే తప్ప లేనిదాన్ని చేర్చదు.

దానికి సరైన దారి హిందూ వివాహ చట్టం, 1955లోని సెక్షన్ 26. మీ డిక్రీ ఆ చట్టం కింద వచ్చినదైతే, పిల్లల కస్టడీ, పోషణ, చదువు గురించిన ఏర్పాట్లను డిక్రీ తరువాత కూడా మార్చమని అదే కోర్టును కోరవచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటే సంయుక్తంగా పిటిషన్ వేయవచ్చు, ఆయన ఒప్పుకోకపోతే మీరొక్కరే వేయవచ్చు. ఖర్చుల వాటా విషయంలో 2020 నాటి రజనీశ్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు, పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రి భరించాలని, తల్లి ఉద్యోగం చేస్తూ తగినంత సంపాదిస్తుంటే దామాషా ప్రకారం ఇద్దరూ పంచుకోవచ్చని చెప్పింది. కనుక మీ జీతం ఆయన జీతంలో మూడో వంతే అయితే చెరిసగం అన్నదాన్నే మార్చమని అడగడానికి మీకు అవకాశం ఉంది. అయితే ఇద్దరూ ఆదాయ, ఆస్తి వివరాలను ప్రమాణపత్రంలో చూపించవలసి వస్తుందని గుర్తుంచుకోండి.

ఆ పిటిషన్‌లో కొత్త ఏర్పాటు ఎంత వివరంగా ఉంటే అంత మంచిది. ఏయే ఖర్చులు ‘చదువు ఖర్చు’ కిందికి వస్తాయో పేరుపేరునా రాయించండి. రసీదు ఫొటో పంపిన ఎన్ని రోజుల్లో వాటా జమ చేయాలో, ఎంత మొత్తం దాటిన కొత్త ఖర్చుకు ముందుగా ఒకరినొకరు అడగాలో కూడా రాయించండి. డాన్సు క్లాసులో చేర్పించిన తరువాత బిల్లు పంపితే ఎవరికైనా కోపం వస్తుంది. పాపను అప్పగించే చోటు, వేళ, ఎంతసేపు ఎదురుచూడాలి, రాలేకపోతే ఎప్పటిలోగా చెప్పాలి, సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు ఎలా పంచుకోవాలి అన్నవి కూడా తేదీలతో ఉండాలి. ‘సెలవుల్లో సగం’ అని రాస్తే మొదటి సగమా, రెండో సగమా అన్నదానికి మళ్లీ గొడవ వస్తుంది.

కోర్టు ఆదేశం వచ్చేదాకా మాటలు ఫోన్లో వద్దు. పాప కోసం ఒకే వాట్సాప్ చాట్ పెట్టుకుని, ఒక్కో సందేశంలో ఒక్క విషయమే రాయండి. ‘మీకు పాప అంటే లెక్కే లేదు, మళ్లీ ఆలస్యమా’ అని రాయకండి. ‘ఈ శనివారం ఉదయం 10 గంటలకు పాప సిద్ధంగా ఉంటుంది. 10:30 వరకు ఎదురుచూస్తాం. రాలేకపోతే శుక్రవారం సాయంత్రంలోగా తెలియజేయగలరు’ అని రాయండి. ఆయన తిట్టినా ఆ తిట్టుకు జవాబివ్వకుండా తేదీకి, మొత్తానికి మాత్రమే జవాబివ్వండి. ఒకనాడు ఈ చాట్‌ను న్యాయమూర్తి చదువుతారనుకుని రాయండి. మామూలుగా ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 14 వల్ల ఈ కోర్టులకు సాక్ష్యాధారాల విషయంలో కొంత వెసులుబాటు ఉన్నా, చాట్ చెరిపేయకండి, ఫోన్ మార్చినా పాతది దాచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ‘నాన్నని డబ్బులడుగు’ అని పాపతో చెప్పి పంపకండి. ఒక కేసులో న్యాయమూర్తి తన చాంబర్లో పిల్లాడితో మాట్లాడినప్పుడు, అమ్మానాన్నల బాకీ మొత్తం వాడు రూపాయితో సహా చెప్పాడు. తొమ్మిదేళ్ల పిల్లాడి నోట ఆ లెక్క విని అక్కడున్న మేమంతా తలదించుకున్నాం.

స్కూలు విషయంలో కస్టడీ మీదైనంత మాత్రాన ఆయన తండ్రిగా సంరక్షకుడు కాకుండా పోరు. స్కూలు రికార్డులో ఇద్దరి నంబర్లూ ఉంచమని, ప్రోగ్రెస్ రిపోర్టు, పేరెంట్స్ మీటింగ్ సమాచారం ఇద్దరికీ పంపమని మీరే లేఖ ఇవ్వండి. స్కూలు మార్చాలనుకుంటే కారణం, కొత్త ఫీజు రాసి పదిహేను రోజుల గడువుతో ఆయన అభిప్రాయం అడగండి. ఆయన కాదంటే, మార్చేసి తరువాత చెప్పే కన్నా కోర్టు అనుమతి తీసుకోవడం క్షేమం.

న్యాయవాదికి ఫీజు ఇచ్చే స్థోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. వెళ్లేటప్పుడు డిక్రీ సర్టిఫైడ్ కాపీ, ఈ ఏడాది స్కూలు, వ్యాను, పుస్తకాల రసీదులు, ఆయన జమ చేసిన డబ్బు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు, పాపను పంపిన, పంపని తేదీల జాబితా పట్టుకెళ్లండి. పంపని రెండు తేదీలను దాచకుండా రాయండి.