సాక్ష్యం చెప్పే చిన్న సినిమాకి ఏ యానిమేషన్?

ప్రశ్న: ఇంట్లో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న ఒకావిడ మాటలు రికార్డు చేశాం, 2 నిమిషాలు వచ్చింది. ఆవిడెవరో బయటపడకూడదని యానిమేషన్‌లో చేద్దామనుకుంటున్నాం. చేత్తో గీయాలా, బొమ్మల్ని కొంచెం కొంచెం కదుపుతూ ఫొటోలు తీసే స్టాప్ మోషనా, కంప్యూటర్‌లో బ్లెండర్ సాఫ్ట్‌వేరా? ముగ్గురం ఉన్నాం, మూడు నెలల టైముంది.

జవాబు:

ముందు ఒక జాగ్రత్త. ఆవిడ వీడియో తీసి దానిమీద ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ గీసే రోటోస్కోపింగ్ జోలికి మాత్రం పోకండి. ముఖం మార్చినా నడక, చేతులు తిప్పే తీరు అలాగే దిగిపోతాయి, ఎరిగినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. గొంతూ అంతే, వేరే నటితో చెప్పించండి. 2008లో వచ్చిన ‘వాల్ట్జ్ విత్ బషీర్’ని చాలామంది రోటోస్కోపింగ్ అనుకుంటారు గానీ, అందులో ముందు తీసిన వీడియోని చూసి స్టోరీబోర్డు వేసుకుని, బొమ్మల్ని ముక్కలుగా విడగొట్టి ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌లో కదిలించారు.

బ్లెండర్‌లో మనిషిని, గదిని తయారు చేసి, లోపల ఎముకలు అమర్చి, చర్మం సరిగ్గా వంగేలా చేసేసరికే మీ టైములో సగం పోతుంది. ఆ తర్వాత ఒక్కో షాట్ తేలిగ్గా వస్తుంది కాబట్టి, అరగంట సినిమాకైతే ఆ కష్టం గిట్టుతుంది. 2 నిమిషాలకి గిట్టదు. పైగా మీరు పెట్టిన రెండు ముఖ్య భంగిమల, అంటే కీల, మధ్య ప్రతి ఫ్రేమునీ కంప్యూటరే నింపేస్తుంది కనుక చెయ్యి నీళ్లలో తేలుతున్నట్టు కదులుతుంది. గ్రాఫ్ ఎడిటర్‌లో కీలు ఎంచుకుని `T` నొక్కి `Constant` పెడితే ఆ తేలడం పోతుంది. అప్పుడు మధ్య భంగిమలన్నీ మీరే పెట్టాలి.

బొమ్మల స్టాప్ మోషన్‌కి బరువుంటుంది, పెద్దల కథలకి బాగా పనికొస్తుంది. 2015 నాటి ‘అనోమలిసా’ సినిమాలో బొమ్మల ముఖం పైభాగం, కిందిభాగం కలిసే గీతని చెరిపేయకుండా వదిలేశారు. మనిషి అతుకులతో ఉన్నాడని ఆ గీతే చెబుతుంది. అయితే అల్యూమినియం తీగతో చేసిన వేళ్లు వంచగా వంచగా లోపలే విరుగుతాయి. అది షాట్ మధ్యలో జరిగితే, అదే భంగిమలో కొత్త చెయ్యి అతికించడం నరకం. చేతులు రెండు మూడు జతలు ముందే చేసి పెట్టుకోవాలి.

మీకు నేను చెప్పేది నాలుగో దారి: ఒకే కాగితం మీద బొగ్గుతో గీసి, ఫొటో తీసి, కొంచెం చెరిపి, మళ్లీ గీసి, మళ్లీ ఫొటో. గీత చేతిదే, తీసే పద్ధతి స్టాప్ మోషన్‌ది. జోహనెస్‌బర్గ్ చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ 1989 నుంచి ఇలాగే దక్షిణాఫ్రికా గాయాల మీద చిన్న సినిమాలు తీశాడు. చెరిపిన గీత పూర్తిగా పోదు, మసగ్గా మిగులుతుంది. కదిలిన చెయ్యి వెనక దాని పాత చోటు కనిపిస్తూనే ఉంటుంది. ఆవిడ జ్ఞాపకానికి ఇంతకంటే సరిపోయే పద్ధతి నాకు తోచదు.

లెక్క చూడండి. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో ఫొటో రెండు ఫ్రేములు నిలుస్తుంది, అంటే సెకనుకి 12. రెండు నిమిషాలకి 1440 అవుతుంది గానీ అన్నీ గీయక్కర్లేదు. ఉదాహరణకి 6 సెకన్ల షాట్: చెయ్యి గ్లాసు దగ్గరికి వెళుతుంది, ఆగుతుంది, గ్లాసుని పక్కకి నెడుతుంది. మొత్తం 72 ఫొటోలు. ఆగిన 3 సెకన్లలో గీసేది ఏమీ లేదు, కాబట్టి నిజంగా చెరిపి గీసేది 36 సార్లే. ఆ ఆగినచోట ఒకే ఫొటోని సాగదీస్తే వీడియో ఇరుక్కుపోయినట్టుంటుంది. ఏమీ ముట్టుకోకుండా నాలుగు ఫొటోలు తీసి, వాటిని క్రమం మార్చి మార్చి వాడండి.

కాగితం 200 జీఎస్ఎమ్‌కి తగ్గకూడదు. పల్చటిదైతే పదిసార్లు చెరిపేసరికి నూగు లేచి, అక్కడ బొగ్గు మచ్చలుగా పట్టుకుంటుంది. కాల్చిన పుల్లల బొగ్గే కొనండి. బంక కలిపి నొక్కిన బొగ్గు కడ్డీ చెరిపినా పోదు, దాన్ని కదలని గోడలకీ తలుపులకీ ఉంచుకోండి. పిండిలా మెత్తగా నలిగే రబ్బరుతో అద్ది తీయాలి, రుద్దకూడదు. అరచేయి కింద వేరే కాగితం ముక్క పెట్టుకోండి, చెమట తగిలినచోట బొగ్గు అతుక్కుని కదలదు. బొగ్గు రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే షాట్ పూర్తయ్యేదాకా కొట్టొద్దు.

కెమెరాని పైనుంచి కిందికి చూసేలా బిగించి, ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో పెట్టండి. అయినా మినుకుమినుకుమంటుందా? ఫ్రేము మొత్తం ఒకేలా వెలుగుతూ ఆరుతుంటే తప్పు లెన్సుది. ప్రతి ఫొటోకీ అపర్చర్ కాస్త తేడాగా మూసుకుంటోంది. దాన్ని పూర్తిగా తెరిచి ఉంచండి, లేదా చేత్తో తిప్పే పాత లెన్సు వాడండి. ఒక పక్కే నీడ మారుతుంటే కిటికీ వెలుగో, మీ తెల్లచొక్కానో కారణం. నల్లచొక్కా వేసుకుని, ఫొటో నొక్కేటప్పుడు ప్రతిసారీ ఒకేచోట నిలబడండి.

పని మొదలెట్టేముందు గొంతు ఎడిటింగ్ పూర్తి చేసి, షాట్‌కి ఒక్కో బొమ్మ వేసి ఆ గొంతుకి జతచేసి చూసుకోండి. బొగ్గులో గీశాక అర సెకను జరపాలన్నా వెనక్కి దారి లేదు, చెరిపేసిన బొమ్మ మళ్లీ రాదు కదా.