తిట్లు తీసేశాకే టెక్నీషియన్ వచ్చాడు

"నెట్ కంపెనీకి నాలుగు మెయిళ్లు కోపంగా పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు. ఎలా రాస్తే కదులుతారు?"

ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో మొన్నామధ్య ఇదే జరిగింది. 3వ తేదీ సాయంత్రం మోడెం మీద సిగ్నల్ పోయిందని చెప్పే LOS దీపం ఎర్రగా కొట్టుకోవడం మొదలెట్టింది. మర్నాడు కంప్లయింట్ ఇచ్చాను. 7న "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్! మనిషే రాలేదు. హుద్‌హుద్ అప్పుడు రోజుల తరబడి కరెంటే లేకపోయినా ఎవర్నీ తిట్టలేదు, విరిగిన స్తంభాలు కళ్లముందే ఉన్నాయి కాబట్టి. ఇక్కడ మండించింది అబద్ధం.

14న రాత్రి మెయిల్ కొట్టాను. మీరు దొంగలు, సిగ్గుందా, కోర్టుకి లాగుతా, అలా పేజీన్నర. పంపే ముందు మా బావగారికి చూపించాను. పోర్టులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి, జీవితమంతా ఉత్తరాలతోనే గడిచింది. చదివి, "ఇది చూసినవాడు ఇప్పుడేం చెయ్యాలోయ్?" అన్నారు. చూసుకుంటే అంత పేజీలో నా కస్టమర్ నంబరే లేదు. తిట్టిన ప్రతి వాక్యం కొట్టేస్తూ పోతే ఇది మిగిలింది:

"3వ తేదీ సాయంత్రం నుంచి LOS ఎర్రగా ఉంది, ఫొటో జతచేశాను. 4న ఫిర్యాదు ఇచ్చాను, డాకెట్ నంబర్ ఇది. 7న పరిష్కారమైందని మూసేశారు. ఆలోగా మా ఇంటికి ఎవరూ రాలేదు, ఫోనూ చెయ్యలేదు. 16వ తేదీ సాయంత్రంలోగా లైను బాగుచెయ్యండి. నెల బిల్లు 943 రూపాయలు, పనిచెయ్యని 11 రోజులకి 346 తగ్గించండి. లేకపోతే ఇదే డాకెట్ మీద మీ అప్పీలు అధికారికి రాస్తాను."

పైన కస్టమర్ నంబరు. సబ్జెక్ట్‌లో "మనిషి రాకుండానే మూసేసిన డాకెట్" అని, పక్కన ఆ నంబరు.

మెయిల్ చదివేది కాల్ సెంటర్ కుర్రాడు. దొంగలంటే వాడు "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని అతికించి ఊరుకుంటాడు. రాకుండా మూసేశారన్న మాట అలా కాదు. ఎవరు మూశారో వాళ్ల సిస్టమ్‌లోనే కనబడుతుంది, సూపర్‌వైజర్ జవాబు చెప్పుకోవాలి. కోర్టు బెదిరింపుని ఎవరూ నమ్మరు. అప్పీలు అధికారి మాత్రం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి టెలికాం కంపెనీలో ఉండి తీరాలి, ఫీజూ లేదు. చాలామంది నేరుగా ట్రాయ్‌కే రాసేస్తారు. ట్రాయ్ ఒక్కొక్కరి గొడవలు తీర్చదు, మళ్లీ కంపెనీకే పంపుతుంది. ఫ్రిజ్, ఏసీ లాంటివైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, అక్కడా ముందు అడిగేది బిల్లూ తేదీలే.

15న టెక్నీషియన్ వచ్చాడు. మా వీధి స్తంభం మీద వైర్లు పిచ్చుక గూడులా ఉంటాయి, వాటిలో మాది వెతకడానికే అరగంట. డబ్బాలో కనెక్టర్ ఊడిపోయిందట, పది నిమిషాల పని.

బిల్లులో మాత్రం 94 రూపాయలే తగ్గించారు. డాకెట్ మూసిన 7వ తేదీ దాకా, 3 రోజులకే లెక్కట! మిగతా 252 కోసం అప్పీలు రాశాను. ఈసారి బావగారు కొట్టేసింది ఒక్కటే మాట, "సిగ్గులేకుండా".