వేరొకరికి వెళ్లిన కొటేషన్: ఇద్దరికీ ఏం రాయాలి?

ప్రశ్న: పాత కస్టమర్ కోసం 18 శాతం డిస్కౌంట్‌తో తయారుచేసిన కొటేషన్, అదే అక్షరాలతో పేరు మొదలయ్యే ఇంకో కస్టమర్ మెయిల్‌కి పోయింది. గంట తర్వాత చూసుకుని అవుట్‌లుక్‌లో రీకాల్ నొక్కాను. పాతవాళ్లతో గోప్యత ఒప్పందం ఉంది. రెండోవాళ్లు అదే రేటు అడిగితే ఇవ్వాల్సిందేనా? పాతవాళ్లకి చెప్పకుండా ఊరుకోవచ్చా?

జవాబు: ముందు రీకాల్ సంగతి. అది మీ సంస్థ లోపలి మెయిల్‌పెట్టెల్లోనే పనిచేస్తుంది. బయటి కంపెనీకి చేరిన మెయిల్‌ని వెనక్కి తేలేదు సరికదా, పంపినవారు దీన్ని వెనక్కి తీసుకోవాలనుకుంటున్నారని చెప్పే ఇంకో మెయిల్ అక్కడ పడే అవకాశమూ ఉంది. అప్పటిదాకా పట్టించుకోనివాళ్లు కూడా అది చూస్తే మొదటిదాన్ని వెతికి తెరవొచ్చు. జీమెయిల్‌లో Undo ఉన్నా దాని గడువు గరిష్ఠంగా 30 సెకన్లే. గంట దాటింది కాబట్టి అవతలివాళ్లు చదివేశారనే అనుకుని నడుచుకోండి. మీ Sent ఫోల్డర్‌లోని కాపీని మాత్రం తీసేయకండి. ఏం వెళ్లింది, ఎన్నింటికి వెళ్లింది అన్నదానికి రేపు మీ దగ్గరుండే ఆధారం అదే.

రేటు విషయానికొస్తే, ప్రతిపాదన ఎవరికి చేశారో వాళ్లే దాన్ని అంగీకరించగలరు. కొటేషన్ మీద పాత కస్టమర్ పేరు, వాళ్ల ఆర్డర్ వివరాలు కనిపిస్తుంటే అది తమ కోసం రాసింది కాదని రెండోవాళ్లకి ఇట్టే తెలుస్తుంది. చిక్కల్లా అటాచ్‌మెంట్‌లో పేరు లేకుండా, మెయిల్‌లో "మీ కోసం ప్రత్యేక ధర" అని మాత్రమే ఉంటే. అప్పుడు తమకే ఇచ్చారని నమ్మామని వాళ్లు వాదించే వీలుంది. భారత ఒప్పంద చట్టం, 1872లోని సెక్షన్ 5 ప్రకారం, అంగీకారం మీకు కట్టుబాటు అయ్యేలోపు ప్రతిపాదనను ఉపసంహరించుకోవచ్చు. అయితే సెక్షన్ 4 ప్రకారం ఆ ఉపసంహరణ వాళ్లకి తెలిసినప్పుడే వర్తిస్తుంది. అందుకే ఇవాళే ఫోన్ చేసి చెప్పండి, వెంటనే మెయిల్‌లోనూ రాయండి. రెండోవాళ్లకి ఇలా రాస్తే సరిపోతుంది:

"ఈ రోజు ఉదయం 10:12కి మా నుంచి వచ్చిన కొటేషన్ పొరపాటున మీకు చేరింది. అది మీ కోసం చేసిన ప్రతిపాదన కాదు, దాన్ని ఉపసంహరించుకుంటున్నాం. అందులో వేరొకరి గోప్య సమాచారం ఉంది. దయచేసి వాడకుండా, ఎవరికీ పంపకుండా, ట్రాష్ నుంచి కూడా తొలగించండి. ఈలోపు ఎవరికైనా ఫార్వర్డ్ చేసి ఉంటే, ఎవరికో తెలిపితే వాళ్లకీ చెబుతాం. తొలగించినట్టు ఒక్క మాట రాయగలరు."

ఇందులో పాత కస్టమర్ పేరు మళ్లీ రాయకండి. పాత మెయిల్‌కే రిప్లై కొడితే దాని పాఠం కింద ఇంకోసారి వెళ్తుంది కాబట్టి కొత్త మెయిల్ తెరవండి. కేసు వేస్తామని బెదిరించాల్సిన పని లేదు, తప్పు మీది. మెయిల్ అడుగున ఉండే గోప్యత హెచ్చరిక ఒక్కటే ఎవరినీ కట్టిపడేయదు, దాని మీద ఎవరూ సంతకం పెట్టలేదు. ఇది వేరొకరి రహస్యమని తెలిశాక దాన్ని వాడుకుంటే మాత్రం వాళ్ల మీద బాధ్యత పడవచ్చు. మీ నోటీసు చేసే అసలు పని ఆ సంగతి వాళ్లకి తెలిసేలా చేయడమే.

ఇక పాతవాళ్లు. వాళ్లకి చెప్పకుండా ఊరుకోకూడదు. గోప్యత ఒప్పందం తీసి, సమాచారం బయటికి పోతే ఎంతలోగా, ఎవరికి తెలపాలో ఉన్న క్లాజ్ చూడండి. చాలా ఒప్పందాల్లో 'వెంటనే' అనో, ఫలానా గంటలనో ఉంటుంది. గడువేమీ లేకపోయినా అదే రోజు చెప్పడం మేలు. రెండోవాళ్ల నోటి నుంచి ముందు విన్నారంటే, మీ పొరపాటు కాస్తా దాచిపెట్టడంగా మారిపోతుంది. అయితే మీరొక్కరే రాయకండి. ముందు మేనేజర్‌కి చెప్పి సంస్థ తరఫున పంపించండి:

"మీ కొటేషన్ ఈ రోజు 10:12కి పొరపాటున మా మరో కస్టమర్‌కి ఈమెయిల్‌లో వెళ్లింది. అందులో వస్తువుల జాబితా, యూనిట్ ధర, 18 శాతం డిస్కౌంట్ ఉన్నాయి. చెల్లింపు వివరాలు లేవు. తొలగించమని వాళ్లని రాతపూర్వకంగా కోరాం, జవాబు రాగానే తెలుపుతాం. మీకిచ్చిన ధరలో మార్పు లేదు."

చెల్లింపు వివరాల గురించిన వాక్యం ఫైలు తెరిచి చూశాకే రాయండి. "ఎలాంటి నష్టమూ లేదు" అని రాయకండి, అది మీకింకా తెలీదు. ఎవరికి వెళ్లిందో వాళ్లు అడగడం ఖాయం. రెండోవాళ్లతోనూ మీకు గోప్యత ఒప్పందం ఉంటే ఆ పేరు చెప్పేముందు దాన్నీ చదవాలి.

రెండు పనిదినాల్లో రెండోవాళ్ల నుంచి జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి, ఫోన్‌లో ఎవరితో ఎన్నింటికి మాట్లాడారో రాసిపెట్టుకోండి. ఆ ధరను వాళ్లు బేరంలో వాడుకుంటున్నట్టు తేలితే అప్పుడు లాయర్ నోటీసు ఇప్పించాలి, అవసరమైతే కోర్టులో నిషేధ ఉత్తర్వు కోరాలి. అప్పటికి ఈ మెయిళ్లన్నీ తేదీల వారీగా ఒకే ఫోల్డర్‌లో ఉండాలి.