తియ్యగా మాట్లాడమంటే ఎందుకు నొచ్చుకున్నారు?

సందేహం: మా పక్కింట్లో మరాఠీవాళ్ళు ఉన్నారు. సంక్రాంతికి నువ్వుల ఉండలు తెచ్చిచ్చి "తిళ్‌గూళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అన్నారు. అర్థం కనుక్కుని, నేను కూడా అందరికీ నువ్వుల ఉండలు పంచుతూ "నువ్వులబెల్లం తీసుకోండి, తియ్యతియ్యగా మాట్లాడండి" అని చీటీ రాసిచ్చాను. కింద వాటాలో ఉండే పిన్ని అది చదివి "ఏమ్మా, నేనెప్పుడైనా నోరు పారేసుకున్నానా?" అని అడిగింది. నా తెలుగులో తప్పేముంది? మన పండగ మాటలు వాళ్ళకు మరాఠీలో చెప్పాలంటే ఎలా చెప్పాలి?
– ఒక గృహిణి, తిరుపతి

సమాధానం: మాటకు మాట చూస్తే మీ తెలుగులో తప్పు లేదు. తిళ్ అంటే నువ్వులు, గూళ్ అంటే బెల్లం, ఘ్యా అంటే తీసుకోండి, గోడ్ అంటే తియ్యన, బోలా అంటే మాట్లాడండి. అన్నీ సరిగ్గానే దించారు. పిన్నిగారికి గుచ్చుకున్నది 'తియ్యగా' అన్న మాట.

మరాఠీలో గోడ్ బోలణే అంటే మామూలుగా ఇంపుగా, ఆప్యాయంగా మాట్లాడటం. మన వాడుకలో 'తియ్యగా మాట్లాడాడు' అని ఆపితే వినేవాళ్ళు తరవాత ఏం జరిగిందని అడుగుతారు. తియ్యటి మాటలు చెప్పి సంతకం పెట్టించుకున్నాడు, తియ్యగా మాట్లాడి అప్పు తీసుకున్నాడు, ఇలాగే కదా మనం అంటాం! పాటనో పసిపిల్లల పలుకునో తియ్యగా ఉందంటే మెచ్చుకోలే. పెద్దవాళ్ళ మాట తీరుకు తీపిని తగిలిస్తే మాత్రం అనుమానం తోడొస్తుంది.

'తియ్యతియ్యగా' అని జంట చేయడంతో ఇంకో చిక్కు వచ్చింది. మరాఠీలో గోడ్ గోడ్ అని రెండుసార్లు అంటే ముద్దు పెరుగుతుంది. తెలుగులో రుచుల మాటలను జంట చేస్తే నాలుకే గుర్తొస్తుంది. పుల్లపుల్లగా, తియ్యతియ్యగా అంటే కాస్త పులుపు, కాస్త తీపి తగులుతున్నాయని. మామిడికాయకు సరిపోయే మాట మనుషుల మాటకు అతకలేదు.

అన్నిటికన్నా ముఖ్యం చివరి 'మాట్లాడండి'. మరాఠీలో అది ఏటా అందరూ అందరితో అనే పండగ మాట గనక అందులోని ఆజ్ఞ ఎవరికీ వినపడదు. పెద్దలకు ఘ్యా, బోలా అంటారు, చిన్నపిల్లలకు ఘే, బోల్ అంటారు, అంతే తేడా. ఆ వాడుక లేని మనకు మాత్రం 'మంచిగా మాట్లాడండి' అంటే ఇన్నాళ్ళూ అలా మాట్లాడలేదన్న అర్థం స్ఫురిస్తుంది. పిన్నిగారు అడిగింది అదే.

దీనికి దారి మన పొరుగునే ఉంది. కుప్పం, పలమనేరు వైపు కన్నడం మాట్లాడే ఇళ్ళలో సంక్రాంతికి ఇదే నువ్వులబెల్లం పంచుతారు. వాళ్ళ మాట "ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి". నువ్వులు బెల్లం తిని మంచి మాట మాట్లాడండి అని. తీపిని బెల్లానికే ఉంచి, మాటకు 'ఒళ్ళె', అంటే 'మంచి', పెట్టుకున్నారు. మన "నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్న సామెతలోనూ నోటికి పెట్టింది మంచే గాని తీపి కాదు. ఇక ఆజ్ఞను పోగొట్టడానికి తెలుగులో చక్కని వీలుంది. 'మాట్లాడండి' బదులు 'మాట్లాడుకుందాం' అంటే చాలు. 'కొను' చేరడంతో ఒకరితో ఒకరమని వస్తుంది, 'దాం'తో చెప్పేవాళ్ళు కూడా అందులో కలుస్తారు. కాబట్టి వచ్చే ఏడు చీటీ మీద ఇలా రాయండి: "నువ్వులు బెల్లం తిందాం, మంచి మాటలే మాట్లాడుకుందాం." దీనికి పిన్నిగారు నొచ్చుకోరు.

ఇక మన మాటలు మరాఠీలోకి. ఇక్కడ ఇంకా జాగ్రత్త కావాలి. ఎందుకంటే పండగ పేరే వాళ్ళ జాతీయంలో కీడు మాట. మరాఠీలో 'ఫలానావాళ్ళ మీద సంక్రాంత్ వచ్చింది' అంటే వాళ్ళ నెత్తిన కష్టం వచ్చిపడిందని అర్థం. అక్కడి పంచాంగాల్లో సంక్రాంతిని ఒక దేవతగా వర్ణిస్తారు. ఆ ఏడు ఆమె ఏ వాహనమెక్కింది, ఏ బట్ట కట్టింది, ఎటు చూస్తోంది అని చెప్పి, ఆమె తాకినవాటికి కీడని నమ్ముతారు. మన పంచాంగాల్లోని సంక్రాంతి పురుషుడి లాంటి వర్ణనే అది. మనకేమో సంక్రాంతి అంటే ఇంటికి వచ్చే లక్ష్మి. "మీ ఇంటికి సంక్రాంతి రావాలి" అన్న మన దీవెనను మక్కికి మక్కి మరాఠీలో పెడితే శాపంలా వినపడే ప్రమాదముంది. 'రావడం' అన్న క్రియను వదిలేసి "మకర్ సంక్రాంతీచ్యా హార్దిక్ శుభేచ్ఛా" అనండి. పండగ కూడా బాగుంటుంది, మాట కూడా బాగుంటుంది.

కనుమ సంగతీ అంతే. భోగి వాళ్ళకూ ఉంది, పేరు కూడా భోగీయే. మూడో రోజును మాత్రం కింక్రాంత్ అంటారు, దాన్ని మంచి రోజుగా ఎంచరు. శుభకార్యాలు మొదలుపెట్టరు. మనం కనుమనాడు ప్రయాణాలు మానుకున్నా, పశువులకు పూజ చేసి పండగ చేసుకుంటాం. అందుకని మీ కనుమ శుభాకాంక్షలకు వాళ్ళ పేరు పెట్టి అనువదించకండి. 'కనుమ' అనే చెప్పి, అదేమిటో పక్కింటావిడకు వివరించండి.

శుభాకాంక్షలు అన్న మాటను కూడా అలాగే మోసుకెళ్ళవద్దు. మరాఠీలో ఆకాంక్షా అంటే ఏదో సాధించాలన్న పెద్ద కోరిక. పండగకు అక్కడ నలిగిన మాట శుభేచ్ఛా. ఏకవచనానికీ బహువచనానికీ రూపం ఒకటే అయినా 'హార్దిక్ శుభేచ్ఛా' అన్నప్పుడు అది బహువచనం. ముందున్న 'సంక్రాంతీచ్యా'లోని 'చ్యా' దాన్నిబట్టి వచ్చిందే. ఈ చ్యాను తెలుగులోకి తెచ్చేటప్పుడు కొందరు "ఉగాది యొక్క హార్దిక శుభాకాంక్షలు" అని రాస్తున్నారు. తెలుగులో రెండు నామాలు పక్కపక్కన పెడితేనే ఆ సంబంధం తెలిసిపోతుంది. 'ఉగాది శుభాకాంక్షలు' చాలు, యొక్క అక్కర్లేదు.

ఉగాది కూడా దగ్గరపడుతుంది గనక ఒక మాట. చైత్ర శుద్ధ పాడ్యమి ఇద్దరికీ ఏడాది మొదలే. వాళ్ళ 'పాడవా', మన 'పాడ్యమి' రెండూ సంస్కృత 'ప్రతిపద' నుంచి వచ్చినవే. ఆ రోజు పక్కింటికి "గుఢీపాడవ్యాచ్యా హార్దిక్ శుభేచ్ఛా" అని రాయండి. డకు ఒత్తు తప్పకుండా పెట్టండి. తెలుగులో చాలామంది 'గుడి పడ్వా' అని రాయడంతో మనవాళ్ళు దాన్ని దేవుడి గుడికి సంబంధించిన పండగ అనుకుంటున్నారు. గుఢీ అంటే ఆ రోజు వాకిట్లోనో కిటికీలోనో నిలబెట్టే కర్ర. దాని కొసకు కొత్త బట్ట, వేపమండ, చక్కెర బిళ్ళల దండ కట్టి, పైన చెంబు బోర్లిస్తారు. పలికేటప్పుడు పాడవ్యాచ్యాలోని చ్యాను 'చీమ'లో చ లాగా పలకండి, 'చాప'లో చ లాగా కాదు. వాళ్ళకూ మనలాగే రెండు చలున్నాయి గనక ఆ తేడా పక్కింటావిడ వెంటనే పట్టేస్తారు.