నల్ల బట్టలు, పగుళ్లు: 1630 నాటి స్పెయిన్ ప్రభువు బొమ్మ

ప్రశ్న: "వెలాస్కెజ్ కాలం నాటిదిలా కనిపించే ఆయిల్ పోర్ట్రెయిట్ వేస్తున్నాను. బొమ్మలోని ప్రభువు నేను కల్పించిన మనిషే. నల్ల బట్టలు వేసిన చోట కాన్వాస్‌కి బొక్క పడినట్టుంది. పాతగా కనిపించాలని క్రాకిల్ వార్నిష్ కొడితే బొమ్మంతా ఎండిన చెరువులా అయింది. ఎక్కడ తేడా కొడుతోంది?"

నేను హైదరాబాద్‌లో సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్లకు పెయింటింగులు వేసి ఇస్తుంటాను. ఓ సెట్లో గోడకి తగిలించడానికి అచ్చం ఇలాంటిదే, 1630 ప్రాంతపు స్పెయిన్ కౌంట్ బొమ్మ వేశాను. కెమెరా దగ్గరికొస్తుందని ముందే చెప్పారు కాబట్టి దూరం నుంచి చూస్తే చాలన్న వెసులుబాటు లేదు. ఆ పని ఎలా నడిచిందో చెబుతాను, మీ రెండు సమస్యలకీ జవాబు అందులోనే ఉంది. పాత బొమ్మల్లో వెలుతురు పడ్డ చోట రంగు మందంగా ఉంటుంది, చీకటి ఉన్న చోట పల్చగా ఉంటుంది. నలుపు బతకడం, పగుళ్లు నమ్మేలా ఉండడం రెండూ దీని మీదే ఆధారపడతాయి.

ముందు కాలం తేల్చుకోండి. "పాతకాలపు యూరప్" అనుకుని మొదలుపెడితే ఒక శతాబ్దం కాలరూ ఇంకో శతాబ్దం మీసమూ కలిసిపోతాయి. నేను 1630 ఎంచుకోవడానికి కారణం కాలరే. 1623లో నాలుగో ఫిలిప్ ప్రభుత్వం మెడచుట్టూ కుచ్చులు కుచ్చులుగా ఉండే పెద్ద రఫ్‌లను నిషేధించింది. వాటి స్థానంలో గోలిల్యా వచ్చింది: లోపల అట్ట, పైన గుడ్డ, గడ్డం కింద బల్లపరుపుగా నిలబడే తెల్ల కాలర్. ఆ ఏడాదే వెలాస్కెజ్ మాడ్రిడ్ ఆస్థానంలో చిత్రకారుడిగా చేరాడు. అందుకే ఆయన వేసిన రాజు, ప్రభువుల బొమ్మల్లో ఈ కాలర్ అంతగా కనిపిస్తుంది. గోలిల్యా పెట్టాక లేసులూ విగ్గులూ పెట్టకండి. ఒంటికి బిగుతుగా ఉండే నల్ల చొక్కా, అంటే డబ్లెట్, దాని మీద నల్ల అంగీ, మహా అయితే ఒక బంగారు గొలుసు చాలు. ఛాతీ మీద ఎర్ర శిలువ పెట్టాలని చెయ్యి లాగుతుంది కానీ అది శాంటియాగో లాంటి నిజమైన వీరసంఘాల గుర్తు, అలంకారం కాదు. కల్పిత మనిషికి అది లేకపోవడమే మంచిది.

ఈ కాలర్‌తో ఇంకో లాభముంది. పైనుంచి పడ్డ వెలుతురు ఆ తెల్లటి పలక మీద పడి, దవడ కింద నీడలోకి తిరిగి కొడుతుంది. ఆ ప్రతిఫలించిన వెలుగు వేయకపోతే తల కాలర్ మీద అతికించినట్టుంటుంది. మోడల్ మెడకి తెల్ల చార్ట్ కత్తిరించి కట్టి చూడండి, దవడ అంచున వెచ్చటి బూడిదరంగు గీత ఒకటి కనిపిస్తుంది. ఫోటోల్లో అది సాధారణంగా నల్లగా మునిగిపోతుంది. ఈ ఒక్కదానికైనా మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోవాల్సిందే. వెలుతురు ఒకే కిటికీ నుంచి, తల కన్నా ఎత్తు నుంచి, ఓ పక్కగా రావాలి. మిగతా కిటికీలకి నల్లగుడ్డ కట్టేయండి. ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే మాత్రం ఎంత కష్టపడినా లాభం లేదు.

ఇక నలుపు సంగతి. తెల్ల కాన్వాస్ మీద నేరుగా నలుపు పెడితే బొక్కలాగే ఉంటుంది, ఎందుకంటే చుట్టూ దానికి దగ్గరి రంగు ఏదీ లేదు. వెలాస్కెజ్ మాడ్రిడ్ వచ్చిన తొలి ఏళ్లలో ముందుగా ఎర్రమట్టి రంగు పూత, అంటే గ్రౌండ్, పూసి దాని మీద బొమ్మ వేసేవాడు. నేను కూడా మార్కెట్లో దొరికే ప్రైమ్ చేసిన లినెన్ మీద ఎర్ర ఓకర్‌లో కొద్దిగా బర్న్‌ట్ అంబర్, చిటికెడు తెలుపు కలిపి పల్చగా పూశాను. అది పూర్తిగా ఆరాక అంబర్‌తోనే బొమ్మంతా గీసి, వెలుతురు పడే చోట గుడ్డతో తుడిచాను. ఈ దశలోనే వెలుగునీడలు నిలబడాలి. ఇక్కడ నిలబడకపోతే తర్వాత ఎన్ని రంగులు వేసినా నిలబడవు. బ్యాక్‌గ్రౌండ్‌ని కూడా ఇప్పుడే చూసుకోండి. అదంతా ఒకే నలుపు కాదు: ముఖంలో వెలుగున్న వైపు వెనక చీకటి, నీడ ఉన్న వైపు వెనక కొంచెం తేటగా ఉంచితే తల గోడ నుంచి విడివడి ముందుకొస్తుంది.

బట్టలకి ముందు నలుపు ముట్టుకోకండి. ఐవరీ బ్లాక్‌లో తెలుపు, కొంచెం ఎల్లో ఓకర్ కలిపి ముదురు బూడిదరంగు చేసి, వెలుతురు తగిలే మడతలన్నీ దాంతో వేయండి. నీడ మడతల్లో గ్రౌండ్‌నే వదిలేసి పైన పల్చటి ముదురు రంగు పొర ఒకటి వేస్తే చాలు. అసలైన నలుపు చంక కింద, గడ్డం కింద, అంగీ డబ్లెట్ కలిసే గీత దగ్గర, అంతే. మొత్తం బట్టలో అది పదోవంతు కూడా ఉండకూడదు. నా బొమ్మ దగ్గరికొచ్చి చూస్తే "నల్ల" డబ్లెట్‌లో ఎక్కువ భాగం బూడిదా గోధుమా రంగులే. తెల్ల కాలర్ పక్కన ఉండడం వల్ల కంటికి అది నలుపవుతుంది.

బట్ట ఏ రకమో కూడా ఇక్కడే తేలాలి. సిల్క్ అయితే మడత శిఖరం మీద సన్నగా, పదునుగా మెరుపు వస్తుంది. వెల్వెట్‌కి దాదాపు దీనికి తలకిందులు: మన వైపు తిరిగిన నడిభాగం చీకటిగా ఉండి, మడత పక్కకి ఒరిగే అంచుల్లో మసకగా వెలుగుతుంది. నూగు పక్కనుంచి చూసినప్పుడే వెలుతుర్ని పట్టుకుంటుంది కదా. నేను చేతుల దగ్గర సిల్క్, ఛాతీ మీద వెల్వెట్ వేశాను. ఆ ఒక్క తేడాతో బట్ట ఖరీదు తెలిసిపోతుంది.

ఐవరీ బ్లాక్ చాలా నెమ్మదిగా ఆరుతుంది. దాని మీద త్వరగా ఆరే పొర వేస్తే పైది ముందు బిగుసుకుంటుంది, కిందది ఇంకా కదులుతుంటుంది, పైన వెడల్పుగా చీలికలొస్తాయి. ఇవి వయసు పగుళ్లు కావు, ఆరడంలో తేడా వల్ల వచ్చినవి. నలుపులో నాలుగో వంతు దాకా బర్న్‌ట్ అంబర్ కలిపితే ఆరడం వేగం పుంజుకుంటుంది, రంగూ కాస్త వెచ్చబడుతుంది. ముఖంలో వెలుగులకి పాతవాళ్లు లెడ్ వైట్ వాడేవారు. అది విషం కాబట్టి నేను టైటానియం వాడాను. అది మరీ చల్లగా, మరీ బలంగా ఉంటుంది, అందుకే ప్రతిసారీ కొంచెం ఓకర్ కలపాలి. నుదురు, ముక్కు, కాలర్ అంచు మాత్రం రంగు లేచి నిలబడేంత మందంగా పెట్టండి.

ఇప్పుడు మీ చెరువు. అసలైన పాత కాన్వాస్‌లో పగుళ్లు వార్నిష్‌లో పుట్టవు. గుడ్డ, దాని మీది జిగురు తేమకి కదులుతుంటాయి, పైనున్న రంగు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది, చివరికి గ్రౌండ్‌తో సహా పగులుతుంది. గీతలు సన్నగా ఉంటాయి, వాటిలో మురికి దిగి కనిపిస్తాయి. నాలుగు మూలల్లో గుడ్డ మీద లాగుడు ఎక్కువ కాబట్టి అక్కడ ఏటవాలుగా వస్తాయి. కాన్వాస్‌ని బిగించే స్ట్రెచర్ కర్ర లోపలి అంచు వెంట తిన్నటి గీత ఒకటి పడుతుంది, గుడ్డకి వెనకాల కర్ర ఉన్న భాగంలో మాత్రం పగుళ్లు తక్కువ. లేత రంగు మందంగా ఉన్న చోట కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, పల్చటి చీకట్లో దాదాపు కనపడవు. క్రాకిల్ వార్నిష్‌కి ఇవేవీ తెలియవు. ముక్కు మీదా గోడ మీదా ఒకే సైజు ముక్కలు చేస్తుంది. అందుకే చూడగానే అబద్ధమని తెలిసిపోతుంది.

నిజంగా రంగునే పగలగొట్టొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. కొత్త ఆయిల్ రంగు సాగుతుంది, గుండ్రటి గొట్టం మీద చుట్టినా పెద్దగా పగలదు. 1937లో పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ పేరుతో బొమ్మ అమ్మి నిపుణుల్ని నమ్మించిన హాన్ వాన్ మీగరెన్ అందుకే ఆయిల్‌ని పక్కనపెట్టి రంగుల్లో బేకలైట్ రెజిన్ వాడి, ఓవెన్‌లో కాల్చి, ఆ తర్వాత సిలిండర్ మీద చుట్టి, పగుళ్లలో ఇంకు దింపాడు. దానికి ఆ శతాబ్దపు పాత కాన్వాస్‌నే వాడాడు. మనకి అంత అక్కర్లేదు. వార్నిష్‌నే అదుపులో పెట్టుకుంటే చాలు.

క్రాకిల్ సెట్లో రెండు సీసాలుంటాయి. మొదటిది నూనె ఆధారంగా ఉండి నెమ్మదిగా ఆరేది, రెండోది సాధారణంగా గమ్ అరబిక్, నీళ్లలో కరిగేది. మొదటిది ఇంకా కొంచెం వేలికి అంటుతుండగా రెండోది పూస్తే, పైది ఆరి ముడుచుకుంటూ పగులుతుంది. ముక్కల సైజు రెండు విషయాలతో మారుతుంది: రెండో పొర ఎంత మందం, మొదటిది ఎంత పచ్చిగా ఉంది. మీరు రెండూ ఎక్కువ చేసుంటారు. మొదటిది వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి, రెండోది కాలర్, నుదురు, చేతుల మీద పల్చగా, బ్యాక్‌గ్రౌండ్‌లో ఇంకా పల్చగా, అంచు చుట్టూ కర్ర ఉన్నంత మేర అసలు లేకుండా వేయండి. ముందు ఒక అట్టముక్క మీద అదే రంగు పూసి చూసుకోండి. వానాకాలంలో గమ్ అరబిక్ తేమ పీల్చుకుని పగలనే పగలదు. విశాఖ, కాకినాడ వైపైతే ఏసీ గదిలో చేసి, దూరం నుంచి హెయిర్ డ్రయర్ గాలి పట్టించాలి.

పగిలాక రా అంబర్ ట్యూబు రంగుని గుడ్డతో రుద్ది పైది తుడిచేయండి. నలుపు రుద్దితే పెన్నుతో గీసినట్టుంటుంది. మూలల్లో ఏటవాలు గీతలు, కర్ర వెంట గీత నేను సన్నటి రిగర్ బ్రష్‌తో చేత్తోనే వేశాను. చివరి కోటు టర్పెంటైన్‌లో కరిగే రెజిన్ వార్నిషే కావాలి, నీళ్ల వార్నిష్ తగిలితే గమ్ పొర కరిగిపోతుంది. ఇంకో మాట, కాన్వాస్ వెనక మీ పేరు, వేసిన సంవత్సరం చెరగని ఇంకుతో రాయండి. సెట్టు వస్తువులు పని అయ్యాక ఎవరి చేతికి పోతాయో చెప్పలేం.

మీ దగ్గరున్న బొమ్మని పారేయకండి. పగుళ్ల మీద ఇంకే వార్నిష్ వేయకపోతే రెండో పొర నీళ్లకి ఊడుతుంది. ముందు ఓ మూల, పిండిన దూదితో మెల్లగా తుడిచి చూడండి. దూదికి జిగట, అంబర్ మాత్రమే అంటితే మిగతాదంతా అలాగే తీసేయొచ్చు. కింది బొమ్మ రంగు దిగుతోందంటే ఆపేయండి, అది ఇంకా ఆరలేదు. ఆరాకే బట్టల్లో బూడిదరంగు పని మొదలుపెట్టండి, క్రాకిల్ జోలికి ఆ తర్వాత కనీసం ఆరు నెలలు వెళ్లొద్దు.